ప్రోడక్ట్ లాంచ్‌లో మొదటి నాలుగు నిమిషాలు: ప్రెజెంటర్ రాకముందు యాంకర్ ఏం చెప్పాలి, ఎక్కడ ఆపాలి

కొత్త వస్తువును విడుదల చేసే సభలో ప్రెజెంటర్ కంటే ముందు మైకు పట్టుకునే మనిషికి దొరికేది నాలుగు నిమిషాలు. చాలా సభల్లో ఆ నాలుగు నిమిషాలూ కంపెనీ చరిత్రకూ, అతిథుల బిరుదులకూ, వస్తువు మీద పొగడ్తలకూ పోతాయి. అంతకంటే నష్టం కలిగించేది ఇంకొకటి ఉంది. ప్రెజెంటర్ దాచుకున్న రెండు, మూడు ముఖ్యమైన విషయాలను యాంకర్ ఉత్సాహంలో ముందే చెప్పేస్తారు. తర్వాత వచ్చిన మనిషి పాత విషయమే మళ్లీ చెబుతున్నట్టు ఉంటుంది, హాలు చల్లబడుతుంది.

నా దృష్టిలో యాంకర్ పని ఒక్కటే. వచ్చినవాళ్లను ఒక సమస్య ముందు నిలబెట్టాలి, ‘మరి దీనికి దారేమిటి’ అని వాళ్లు మనసులో అనుకునే క్షణంలో మైకు అప్పగించాలి. జవాబు మనది కాదు.

దీన్ని ఒక ఉదాహరణతో చెబుతాను. బెంగళూరులో తెలుగువాళ్లు నడిపే చిన్న కంపెనీ ఒకటి వ్యవసాయ మోటార్లకు కొత్త స్టార్టర్ తయారు చేసిందనుకుందాం. మోటారుకు ప్రమాదం వస్తే అది దాన్ని ఆపేసి రైతు ఫోన్‌కు కబురు పంపుతుంది. హిందూపురం, పెనుకొండ, అనంతపురం నుంచి డీలర్లు, రైతులు వస్తున్నారు. నగరం నుంచి కన్నడ, తెలుగు, ఇంగ్లిష్ విలేకరులు, వ్యవసాయం మీద వీడియోలు చేసే యూట్యూబర్లు వస్తున్నారు. హాలు యలహంకలో. అనంతపురం జాతీయ రహదారి మీద వచ్చినా, హిందూపురం నుంచి దొడ్డబళ్లాపురం మీదుగా వచ్చినా హెబ్బాళ ఫ్లైఓవర్ ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా చేరుకోవచ్చు. సమయం ఉదయం 11 గంటలు.

ముందుగా ప్రెజెంటర్ మొదటి వాక్యం అడగండి

స్క్రిప్టు రాయడానికి కూర్చునే ముందు ప్రెజెంటర్‌తో అరగంట మాట్లాడాలి. ఆయన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న, ‘సార్, మీరు స్టేజీ మీదికి వచ్చాక నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం ఏమిటి?’ చాలామంది ‘అందరికీ నమస్కారం, ఆ తర్వాత చూద్దాం’ అంటారు. అక్కడ వదిలేయకండి. ఆ వాక్యం తేలేవరకు మీ స్క్రిప్టుకు ముగింపు దొరకదు. మన ఉదాహరణలో ఆ ఇంజినీరు చివరికి ఇలా అంటారు: ‘మోటారు కాలిపోకముందే మీ ఫోన్ మోగితే ఎలా ఉంటుంది?’

ఇక మన దారి తేలికైంది. మన మాటలు కాలిపోయిన మోటారు దగ్గర ఆగాలి. ఫోన్ అన్న మాట మన నోట రాకూడదు.

రెండో ప్రశ్న, ‘నేను చెప్పకూడనివి ఏమిటి?’ సాధారణంగా నాలుగు ఉంటాయి: ధర, వస్తువు పేరు, అది చేసే అసలు పని, స్టేజీ మీద చూపించబోయే డెమో. వీటిలో డెమో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ఇంజినీరు హాల్లో ఫోన్ నొక్కి, హిందూపురం దగ్గర పొలంలో ఉన్న మోటారును తెర మీద లైవ్‌గా ఆపి చూపించాలనుకుంటున్నారు. హోటల్ హాళ్లలో, ముఖ్యంగా బేస్‌మెంటులో ఉన్నవాటిలో, సిగ్నల్‌ను నమ్మలేం. అందుకే ఆయన దగ్గర ముందే తీసిన వీడియో కూడా ఉంది. పరిస్థితిని బట్టి ఏదో ఒకటి చూపిస్తారు. ఈలోపు యాంకర్ ‘ఇంకాసేపట్లో ఇక్కడ నొక్కితే అక్కడ మోటారు ఆగడం మీ కళ్లతో చూస్తారు’ అనేశారంటే ఆయనకు రెండో దారి మూసుకుపోయినట్టే. వీడియో వేసిన మరుక్షణం విలేకరులు ‘లైవ్ డెమో పని చేయలేదా?’ అని రాసుకుంటారు.

మూడోది పేరు, హోదా. ఇంటిపేరు ముందా వెనకా, ఇనిషియల్స్‌తో పిలవాలా వద్దా, ‘డాక్టర్’ అనాలా, అన్నీ ఆయన నోటితోనే చెప్పించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. కన్నడ, తమిళ పేర్లున్న అతిథులకు ఇది ఇంకా అవసరం.

ధర గురించి ఒక మాట

2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో టాటా నానోను చూపించినప్పుడు లక్ష రూపాయల కారు అన్న మాట దేశమంతా అప్పటికే నానుతోంది. అయినా అందరూ ఎదురుచూసింది ఆ అంకె రతన్ టాటా నోటి నుంచి రావడం కోసం. ఆ లక్ష కూడా డీలర్ ధర. వ్యాట్, రవాణా ఖర్చు వేరే. ధరకు ఎప్పుడూ ఇలాంటి తోక ఉంటుంది: జీఎస్టీ కలిపా, విడిగానా? బిగించే ఖర్చు ఎవరిది? సిమ్ రీచార్జి ఎన్నాళ్ల వరకు ఉచితం? యాంకర్ ఒక్క అంకె చెబితే ఈ ప్రశ్నలన్నీ వస్తాయి, జవాబు చెప్పే అధికారం మాత్రం ఆయనకు ఉండదు. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ ఒట్టి అంకె, అడిగిన ప్రతి రైతుకూ సర్దిచెప్పుకోవాల్సింది డీలరు. అందుకే ధర ఊసు ఎత్తకండి. ‘సరసమైన ధర’ అని కూడా అనకండి. అది సరసమో కాదో కొనేవాళ్లు తేల్చుకుంటారు.

హాల్లో ఉన్నది రెండు రకాల జనం

ముందు వరుసల్లో కూర్చున్న రైతులు, డీలర్లు వస్తువును చేత్తో పట్టుకుని చూడాలనుకుంటారు. తెల్లవారుజామున బయల్దేరి వచ్చారు కాబట్టి భోజనం ఎప్పుడో కూడా తెలియాలి వాళ్లకు. విలేకరులకు కావలసింది వేరు. ప్రెస్ నోట్ ఎప్పుడు చేతికొస్తుంది, ప్రశ్నలు ఎప్పుడు అడగొచ్చు, టీవీ బైట్ ఎవరిస్తారు, ఫోటోకు ఎక్కడ నిలబడాలి. ఇవి ముందే తెలియకపోతే రెండు వర్గాలూ ప్రెజెంటేషన్ మధ్యలో వెతకడం మొదలుపెడతాయి. కెమెరామన్ లేచి అడ్డంగా నడుస్తాడు, డీలరు పక్కవాణ్ని అడుగుతాడు.

చాలామంది యాంకర్లు ముందు సమస్య గురించి భావోద్వేగంగా మాట్లాడి, చివర్లో ఈ ఏర్పాట్లు చెబుతారు. అది తలకిందుల వరస. కాలిన మోటారు గురించి విని జనం నిశ్శబ్దమైన వెంటనే ‘భోజనాలు మొదటి అంతస్తులో’ అంటే కూడగట్టిందంతా జారిపోతుంది. ఏర్పాట్లు ముందు చెప్పేయండి, ముప్పావు నిమిషంలో ముగించండి. ఆ తర్వాత ప్రెజెంటర్ వచ్చేవరకు సమస్య ఒక్కటే నడవాలి.

మాటలు ఇలా ఉండొచ్చు:

‘ఎల్లరిగూ నమస్కార. అందరికీ నమస్కారం. ముందుగా ఈ రోజు కార్యక్రమం చెబుతాను. ప్రెజెంటేషన్ 25 నిమిషాలు. ఆ వెంటనే ప్రశ్నలు, మొదట విలేకరులకు, తర్వాత మీ అందరికీ. వివరాలన్నీ ఉన్న ప్రెస్ నోట్ కన్నడ, తెలుగు, ఇంగ్లిష్ మూడింట్లోనూ ప్రశ్నలకు ముందే మీ చేతికి వస్తుంది. టీవీ బైట్లు ఎడమవైపు బ్యానర్ దగ్గర. వెనక టేబుళ్ల మీద మీరు మూత విప్పి చూసుకునేలా వస్తువులు పెట్టాం, చూపించడానికి మనుషులున్నారు. భోజనం ఒంటి గంటకు, పై అంతస్తులో.’

మొదటి పలకరింపు కన్నడలో ఉండాలని గట్టిగా అంటాను. సభ జరుగుతున్నది బెంగళూరులో, కన్నడ విలేకరులు కళ్లెదుటే ఉన్నారు. హిందూపురం నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి కన్నడ వచ్చు కూడా. అయితే రాని కన్నడలో నాలుగు వాక్యాలు లాగి తడబడవద్దు. ఒక్క పలకరింపు స్పష్టంగా పలికితే చాలు. కన్నడ, ఇంగ్లిష్ విలేకరులకు మిగతాది అందాలంటే మీ స్క్రిప్టు సారాంశం ఆ భాషల్లో పది వరుసల్లో రాసి వాళ్ల కుర్చీల మీద పెట్టించండి.

ఎంబార్గో సంగతి కూడా ఇక్కడే. ఫలానా సమయం వరకు వార్త వేయవద్దన్నది కంపెనీకీ విలేకరికీ ముందే కుదిరే ఒప్పందం. స్టేజీ మీద నిలబడి ‘12 గంటల దాకా ఎవరూ వేయకండి’ అని ప్రకటిస్తే అది ఒప్పందం కాదు, ఎవరూ కట్టుబడనక్కర్లేదు. పైగా యూట్యూబర్లలో ఎవరో ఒకరు అప్పటికే లైవ్‌లో ఉంటారు. కాబట్టి సభకు ముందే చెప్పుకోండి. కుదరకపోతే సభలో చెప్పే క్షణమే విడుదల సమయం అనుకోండి. స్టేజీ మీద మాత్రం ఆ ప్రస్తావన వద్దు.

సన్నివేశం రాయడం

ఇదే అసలు పని, ఎక్కువ సమయం దీని మీదే పెట్టాలి. ‘భారతదేశానికి వ్యవసాయం వెన్నెముక’ అని మొదలుపెడితే ఎవరి తలా పైకి లేవదు. ఒక చోటు, ఒక మనిషి, ఒక పూట తీసుకోండి. మొదటి ప్రయత్నంలో మామూలుగా ఇలాంటిది వస్తుంది:

‘రైతు బోరు దగ్గరికి వెళ్లేసరికి మోటారు గుయ్యిమని మూలుగుతోంది. వైండింగ్ కాలిన వాసన గుప్పుమంది.’

చదవడానికి బాగుంది. కానీ ముందు వరుసలోని రైతు వినగానే పక్కకు తిరిగి నవ్వుతాడు. బోరులో ఉండేది సబ్‌మెర్సిబుల్ మోటారు, వందల అడుగుల లోతున నీళ్లలో ఉంటుంది. దాని మూలుగు పైకి వినపడదు, వాసనా రాదు. ఒక్క తప్పు వివరం చాలు, తర్వాత వచ్చే ఇంజినీరును కూడా వాళ్లు అనుమానంగానే చూస్తారు. అందుకే స్క్రిప్టును కంపెనీవాళ్లకు చూపించడంతో సరిపెట్టుకోకుండా, మోటార్లు దించే మెకానిక్ ఒకరికి ఫోన్‌లో చదివి వినిపించండి. ‘ఇలా జరగదన్నా’ అని ఆయన అన్న ప్రతి చోటా మార్చండి. ఆయన చెప్పేదాన్ని బట్టి సన్నివేశం ఇంకా బలంగా తయారవుతుంది కూడా. పైన ఏమీ తెలియకపోవడమే అసలు బాధ కదా.

దిద్దిన తర్వాత:

‘హిందూపురం పక్కన ఒక మల్బరీ తోట. బోరు ఇంటికి రెండు కిలోమీటర్లు. పొద్దున రైతు స్టార్టర్ వేసి, పైపులో నీళ్లు పడడం చూసి ఇంటికొచ్చాడు. ఆయన టిఫిన్ చేస్తుండగా లైన్లో మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. మోటారు ఆగలేదు. మిగిలిన రెండింటి మీదే లాగుతోంది, లోపల వేడెక్కుతోంది. అంత లోతున ఏం జరుగుతోందో పైన ఎవరికీ వినపడదు, కనపడదు. మధ్యాహ్నం వెళ్లి చూస్తే పైపులో చుక్క లేదు. ఇప్పుడు మోటారు పైకి తీయించాలి, వైండింగుకు ఇవ్వాలి, మళ్లీ దించాలి. ఇంట్లో పట్టుపురుగులు ఆకు కోసం ఆగవు. ఆ రైతు ఏ తప్పూ చేయలేదు. లోపల ఏం జరుగుతోందో ఆయనకు చెప్పినవాళ్లు లేరు.’

ఇందులో వస్తువు లేదు, కంపెనీ లేదు, జవాబూ లేదు. నిందా లేదు. విద్యుత్ శాఖ అధికారి ముందు వరుసలో అతిథిగా కూర్చుని ఉండొచ్చు. ఫేజ్ పోయిందని చెప్పడం వాస్తవం, ‘కరెంటోళ్ల నిర్వాకం’ అనడం తగవు. మర్నాడు పేపర్లో ఆ మాటే హెడ్డింగ్ అవుతుంది, స్టార్టర్ వార్త కిందికి పోతుంది. అలాగే రైతును అమాయకుడిగా చూపించకూడదు. హాల్లో ఉన్నది ఆయన మనుషులే.

పేరున్న ప్రత్యర్థి కంపెనీ స్టార్టర్ వల్లే మోటారు కాలిందన్న అర్థం వచ్చేలా కూడా రాయకండి. డీలర్లలో సగం మంది దాన్నీ అమ్ముతుంటారు.

పొడవు సంగతి. తెలుగులో స్టేజీ మీద తాపీగా చెబితే నిమిషానికి 90 మాటల దాకా వస్తాయని నా అంచనా. అయినా లెక్క కంటే గడియారం మేలు. నిలబడి, గట్టిగా, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చదవండి. కూర్చుని మనసులో చదువుకుంటే ఎప్పుడూ తక్కువ సమయమే చూపిస్తుంది. నాలుగు నిమిషాలు దాటితే ఏర్పాట్లలో కోయండి, సన్నివేశంలో కాదు.

శాలువాలు, దీపం, బొకేలు

మన సభల్లో ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదికి ఆహ్వానాలు, ఒక్కొక్కరికీ బొకే, శాలువా, ఫోటో, ఇవన్నీ వరసగా చేస్తే అరగంట ఇట్టే గడుస్తుంది. 11కు అన్న సభలో వస్తువు 11.45కు కనిపిస్తే విలేకరులు అప్పటికే ఇంకో సభకు బయల్దేరి ఉంటారు. దీపం వెలిగించడం ఉంచండి, మూడు నిమిషాల పని. నూనె, వత్తులు, అగ్గిపెట్టె చూసుకోండి, ఏసీ గాలి తగలని చోట కుందె పెట్టండి. సన్మానాలు మాత్రం ప్రశ్నల తర్వాతకు మార్చమని నిర్వాహకులను ఒప్పించండి. ‘పెద్దాయన ముందే వెళ్లిపోతారు’ అంటే ఆయన ఒక్కరికీ ముందు చేసి, మిగతావాళ్లకు తర్వాత చేయొచ్చు.

మైకు అప్పగించే క్షణం

తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. ‘ఫలానా గారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాను’ అన్నప్పుడు పేరు మధ్యలో మునిగిపోతుంది, చప్పట్లు ఎక్కడ కొట్టాలో జనానికి తోచదు. పేరును చివరికి తెండి. ముందు ఆయన గురించి ఒకే ఒక్క విషయం చెప్పండి, అది సన్నివేశానికి అతుక్కుని ఉండాలి. చదువులు, అవార్డుల పట్టిక ప్రెస్ నోట్లో ఉంటుంది.

‘ఆ తోటకు వెళ్లి, కాలిన ఆ మోటారును విప్పించి, ఏం జరిగిందో దగ్గరుండి చూసిన ఇంజినీరు ఈ రోజు మన ముందుకు వస్తున్నారు. వారు...’ అని, ఒక్క శ్వాస ఆగి, పేరు, ‘గారు’. అంతే. ఆ తర్వాత నోరు విప్పకండి. ‘గట్టిగా చప్పట్లు’ అని అడగనక్కర్లేదు. ఇక్కడ చెప్పేది నిజమై ఉండాలి సుమా. ఆయన ఆ తోటకు వెళ్లకపోతే ఆయన నిజంగా చేసినదే వెతికి చెప్పండి.

దీన్ని ముందు రోజు సాయంత్రమో, ఆ రోజు తొమ్మిదింటికో ప్రెజెంటర్‌తో కలిసి ఆ స్టేజీ మీదే మూడుసార్లు నడిచి చూడాలి. ప్రెజెంటేషన్ అంతా రిహార్సల్ చేయక్కర్లేదు. మీ చివరి రెండు వాక్యాలు, ఆయన మొదటి వాక్యం చాలు. చూసుకోవాల్సినవి ఇవి: ఆయన ఏ వైపు మెట్లు ఎక్కుతారు, మీరు రెండో వైపు నుంచి దిగుతున్నారా; ఆయన కాలర్ మైకును సౌండ్ ఆపరేటర్ ఏ మాట దగ్గర ఆన్ చేస్తారు; క్లిక్కర్ ఎవరి చేతిలో ఉంది; తెర మీద ఆ క్షణంలో ఏముంది. కాలర్ మైకు ముందే ఆన్ అయి ఉంటే మీరు మాట్లాడుతుండగానే ఆయన తెర వెనక దగ్గు హాలంతా వినిపిస్తుంది. ఆపరేటర్‌కు మీ చివరి వాక్యం కాగితం మీద రాసివ్వండి. ఆయనకు తెలుగు రాకపోతే కన్నడలోనో, ఇంగ్లిష్ అక్షరాల్లోనో రాయండి.

దారి తప్పుతున్నట్టు ఎలా తెలుస్తుంది

ముందు వరుస కంటే వెనక కెమెరా స్టాండ్ల వైపు చూస్తుండండి. కెమెరామన్ వ్యూఫైండర్ నుంచి కన్ను తీసి పక్కవాడితో మాట్లాడుతున్నాడంటే మీరు చెప్పేది వార్తకు పనికిరానిదని ఆయన తేల్చేసుకున్నాడు. అప్పుడు గొంతు పెంచవద్దు. మిగిలిన ఏర్పాట్లు వదిలేసి నేరుగా మల్బరీ తోటలోకి వెళ్లిపోండి. రైతులు తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెడితే రెండు కారణాలుండొచ్చు. సన్నివేశంలో ఏదో తప్పుంది, లేదా అది తమకూ జరిగింది. ముఖాలు చూస్తే ఏదో తెలిసిపోతుంది. రెండోదైతే ఒక్క క్షణం ఆగి వాళ్లను మాట్లాడుకోనివ్వండి.

ప్రెజెంటర్ సిద్ధంగా లేరని, తెర రాలేదని వెనక నుంచి సైగ వస్తే? అందుకోసం రెండు నిమిషాల సరుకు జేబులో ఉండాలి. జోకులు, కంపెనీ చరిత్ర వద్దు. ముందు వరుసలో ముందే మాట్లాడి ఒప్పించుకున్న రైతు దగ్గరికి మైకుతో వెళ్లి, ‘పెద్దాయనా, మీ బోరు ఎన్ని అడుగులు? ఆఖరుసారి మోటారు ఎప్పుడు తీయించారు? పైకి తీసి మళ్లీ దించడానికి ఎన్ని రోజులు పట్టింది?’ అని అడగండి. ఆయన జవాబు మీ సన్నివేశాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్తుంది, ప్రెజెంటర్ మాటలను తినేయదు. ‘మీకెలాంటి స్టార్టర్ కావాలి?’ అని మాత్రం అడగకండి. ఆయన అడిగేది ఈ వస్తువులో లేకపోతే ఆ లోటుతోనే ప్రెజెంటేషన్ మొదలవుతుంది. ఆయనతో మాట్లాడాక చివరి రెండు వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగానే చెప్పాలి, ఎందుకంటే సౌండ్ ఆపరేటర్ వాటి కోసమే చూస్తుంటాడు.

రెండు నిమిషాలు దాటినా తెర రాకపోతే దాచవద్దు. ‘తెర సరిచేస్తున్నారు, ఐదు నిమిషాలు. ఈలోపు విలేకరులకు ఏ సమాచారం కావాలన్నా నేను కిందే ఉన్నాను’ అని దిగండి. తిరిగి ఎక్కినప్పుడు సన్నివేశం మొత్తం మళ్లీ చెప్పవద్దు. ‘మధ్యాహ్నం వెళ్లి చూస్తే పైపులో చుక్క లేదు’ అన్న ఒక్క వాక్యంతో అందుకుని అప్పగింతకు వచ్చేయండి.

మైకు ఇచ్చాక స్టేజీ పక్కనే, ప్రెజెంటర్‌కు కనపడే కుర్చీలో కూర్చోండి. ప్రశ్నల సమయానికి మళ్లీ మీరే లేవాలి. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఏ స్లైడు దగ్గర విలేకరులు గబగబా రాసుకున్నారో, ఎక్కడ డీలర్లు తలలు అడ్డంగా ఊపారో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మొదటి ప్రశ్న ఎవరికి ఇవ్వాలో ఆ కాగితం చూసి నిర్ణయించండి.